కొక్కెం నిజం, గొలుసు అబద్ధం

శనివారం పొద్దున్నే అమ్మ వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పంపింది. వరంగల్‌లో మా పక్కింటి ఆంటీకి అర్జెంటుగా డబ్బులు కావాలట. రెండు తులాల చైన్ మార్కెట్ రేటు కంటే తులానికి పది వేలు తక్కువకే ఇస్తానందట. అమ్మ దగ్గర చిట్టీ డబ్బులున్నాయి. "హాల్‌మార్క్ ఉంది బిడ్డా, జర మంచిగ చూసి చెప్పు" అంది.

ఫొటోలో ముద్ర మసకగా ఉంది. ఫోన్‌ని మరీ దగ్గరికి పెడితే ఫోకస్ కుదరదు. ఫ్లాష్ వేస్తే బంగారం మెరిసి అక్షరాలు మాయమవుతాయి. అందుకే కిటికీ పక్కన తెల్ల కాగితం మీద పెట్టి, ఫ్లాష్ ఆపేసి, జానెడు దూరం నుంచి రెండింతలు జూమ్ చేసి మళ్లీ తీయమన్నాను. తెల్ల కాగితం ఎందుకంటే, ట్యూబ్‌లైట్ కింద ఫోన్ రంగుల్ని దానిష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. పక్కన తెలుపు ఉంటే అసలు రంగెంతో మనకు అంచనా దొరుకుతుంది.

ఈసారి మూడు గుర్తులూ కనిపించాయి. త్రికోణంతో బీఐఎస్ లోగో, 22K916, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ. 2021 జులై నుంచి వచ్చిన పద్ధతి ఇదే. ఉత్త 916 అని మాత్రమే ఉంటే దాన్ని నేను లెక్కలోకి తీసుకోను, ఆ అంకెలు ఎవరైనా కొట్టొచ్చు. BIS Care యాప్‌లో Verify HUID నొక్కి కోడ్ టైప్ చేస్తే ఏమీ రాలేదు. గుండె గుభేల్‌మంది. మళ్లీ చూస్తే నేను 8 అనుకున్నది B. ప్రొడక్షన్‌లో ఇలాంటి బగ్గుతో ఒక రాత్రంతా పోగొట్టుకున్నవాణ్ని, అయినా బుద్ధి రాలేదు! సరిచేశాక వివరాలొచ్చాయి: వస్తువు చైన్, స్వచ్ఛత 22 క్యారెట్, హాల్‌మార్క్ వేసిన తేదీ, సెంటర్ పేరు. అన్నీ సరిపోయాయి.

"అయితే తీస్కోవాల్నా?" అంది అమ్మ. ఊ అనబోయాను. కానీ ఆ ముద్ర ఎక్కడుందో చూసి ఆగాను.

చైన్‌కి ముద్ర సాధారణంగా కొక్కెం మీదో, దాని పక్కనున్న చిన్న రేకు మీదో ఉంటుంది. సన్నటి లంకెల మీద చోటుండదు మరి. అంటే కోడ్ సరైనదైతే ఆ కొక్కెం ఒకప్పుడు అసలు చైన్‌కి ఉండేదని తెలుస్తుంది, అంతే. ఇప్పుడు దానికి వేలాడుతున్నది అదే చైన్ అని యాప్ చెప్పలేదు. కొక్కెం మార్చడం కంసాలికి పది నిమిషాల పని.

అందుకే కొక్కేన్ని గొలుసుతో కలిపే రింగుని దగ్గరగా తీయమన్నాను. రింగు అతుకు దగ్గర చిన్న ముద్దలా టంకం, చుట్టూ కొత్త మెరుపు. చైనేమో చాన్నాళ్లు వేసుకున్నట్టు అరిగి ఉంది. ఇదొక్కటే మోసానికి రుజువు కాదు. కొక్కేలు తెగుతాయి, అతికించుకుంటాం. స్ప్రింగ్ ఉన్న కొక్కేన్ని అయస్కాంతం కాస్త లాగినా భయపడక్కర్లేదు, ఆ స్ప్రింగ్ చాలాసార్లు స్టీలే.

మిగిలింది అరుగుదల. కుంకుడుకాయ రసంలో మెత్తటి బ్రష్‌తో కడిగించాను. చెమట, పసుపు, సబ్బు పేరుకున్నా నల్లగానే కనిపిస్తుంది కాబట్టి కడగకుండా తీర్పు చెప్పకూడదు. తర్వాత లంకెని లంకె రాసుకునే లోపలి వంపుల్ని ఫొటో తీయించాను. 22 క్యారెట్ బంగారం అరిగితే సన్నబడుతుంది కానీ రంగు మారదు, లోపలా అదే పసుపు. అతుకుల దగ్గర మాత్రం చిన్న చుక్కలా కొంచెం తేడా ఉండొచ్చు. ఇక్కడ అతుకు లేనిచోట కూడా, రాపిడి ఉన్న ప్రతి వంపులోనూ ఎర్రటి మరక. పైన బయటి వైపు మాత్రం నిగనిగ. మనం ఒక గ్రాము బంగారం అని కొనుక్కునే నగలు సరిగ్గా ఇలాగే అరుగుతాయి.

అయినా ఫొటో చూసి పక్కింటావిడ మీద నింద వేయలేం కదా. అమ్మా, ఆంటీ కలిసి హాల్‌మార్కింగ్ సెంటర్‌కి వెళ్లారు. మామూలు జనం తెచ్చినా చిన్న ఫీజు తీసుకుని పరీక్షిస్తారు. ఎక్స్‌రే మిషన్‌లో కొక్కెం 91 శాతం పైన చూపించింది. చైన్ కూడా మొదట బాగానే చూపించింది! ఆ మిషన్ పై పొరనే చదువుతుంది, పూత మందంగా ఉంటే మోసపోతుంది. అమ్మ నేను చెప్పినట్టే అడిగితే, ఆంటీ ఒప్పుకున్నాక ఒక లంకెని ఆకురాయితో కొంచెం అరగదీసి మళ్లీ పెట్టారు. రాగి.

ఆంటీ అక్కడే బెంచీ మీద కూలబడిపోయిందట. రెండేళ్ల కింద కొక్కెం తెగితే బాగు చేయమని ఇచ్చి, వారం తర్వాత తెచ్చుకుందట. అప్పటినుంచి అదే మెడలో ఉంది.

అమ్మ బస్టాండ్ నుంచి ఫోన్ చేసింది. "ఆ చిట్టీ పైసల్ల సగం ఆమెకు బదులిస్తున్న బిడ్డా. మీ నాన్నకు చెప్పకు."