"గుడ్ కండిషన్" సోఫా

ఎండాకాలం వచ్చిందంటే మన వాట్సాప్ గ్రూపుల నిండా సోఫాలే. లీజు అయిపోతున్నవాళ్ళు, ఇల్లు కొనుక్కుని వెళ్తున్నవాళ్ళు, ఇండియాకి తిరుగు ప్రయాణం కట్టినవాళ్ళు. ఎవరు పెట్టినా ప్రకటన ఒకటే: "సోఫా, గుడ్ కండిషన్, పికప్ ఓన్లీ." కింద ఒక ఫోటో. ఆ ఫోటోలో సోఫా కంటే దాని మీద మడత పెట్టాల్సిన బట్టలే ఎక్కువ కనిపిస్తాయి.

ఇక్కడ టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో, మా పక్క బిల్డింగ్ అమ్మాయి కూడా సరిగ్గా అలాగే పెట్టింది. వాళ్ళాయన ఉద్యోగం సియాటిల్‌కి మారింది. ఇల్లు ఖాళీ చేయడానికి తొమ్మిది రోజులుంది. నూట యాభై డాలర్లకి పెట్టిన సోఫా కోసం ఇద్దరు వచ్చారు. మొదటాయన నలభై నిమిషాలు డ్రైవ్ చేసుకుని వచ్చి, బండిలో పట్టక ఖాళీగా వెళ్ళాడు. రెండో ఆవిడ మధ్య కుషన్ మీద మరక చూసి, "ఇంట్లో అడిగి చెప్తానండీ" అని మెట్లు దిగింది. అంతే, మళ్ళీ మెసేజ్ లేదు. అమ్ముడుపోకపోతే చెత్త డబ్బా పక్కన వదిలేసి పోదామంటే అపార్ట్‌మెంట్ వాళ్ళు డిపాజిట్‌లోంచి కోసుకుంటారు. "అక్కా, దీన్ని ఎవరికైనా ఊరికే ఇచ్చేయనా?" అని అడిగింది. ఊరికే ఇచ్చినా ఆ మెట్లు దిగాల్సిందే కదా! టేపు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

ముందు ఎంతమంది కూర్చుంటారో చూశాం. ప్రకటనలో "త్రీ సీటర్, 84 అంగుళాలు" అని ఉంది. ఆ 84 ఈ చివర నుంచి ఆ చివరకి. కానీ చేతుల మీద ఎవరూ కూర్చోరు. ఒక్కో చేయి 9 అంగుళాల వెడల్పుంది. రెండు వైపులా తీసేస్తే లోపల మిగిలింది 66. ముగ్గురికి పంచితే మనిషికి 22 అంగుళాలు. పెద్దవాళ్ళు ముగ్గురు మోచేతులు తగలకుండా కూర్చోవడానికి ఇది సరిపోతుంది, అంతకంటే తగ్గితే ఇరుకు. అదే 84 అంగుళాల సోఫాకి లావుపాటి దిండు చేతులుంటే లోపల యాభై చిల్లరే మిగలొచ్చు. అది ఇద్దరు పెద్దవాళ్ళకీ ఒక పిల్లాడికీ సరిపోయే సోఫా. కుషన్లు ఎన్నో కూడా చెప్పాలి. రెండు కుషన్ల సోఫాలో మూడో మనిషి అతుకు మీద కూర్చుంటాడు, పది నిమిషాలకి లేచి కుర్చీ వెతుక్కుంటాడు. వీళ్ళది మూడు కుషన్లది, ఆ మాట రాస్తే చాలు.

ఆ 66 అంగుళాలకి ఇంకో వాడుక కూడా ఉంది. మధ్యాహ్నం నడుం వాల్చేవాళ్ళు అడిగేది అదే. ఐదడుగుల నాలుగు అంగుళాల మనిషి, చేతి మీద కాళ్ళు పెట్టకుండా, 64 అంగుళాలు తీసుకుంటుంది. పడుతుంది. ఆరడుగుల అబ్బాయికి పట్టదు.

తర్వాత ఫోమ్. "చాలా సాఫ్ట్‌గా ఉంటుంది" అని రాసింది. పాత సోఫా ప్రకటనలో ఈ మాట చదివితే నాకు భయమే. కొత్తదానికి మెత్తదనం గుణం, పాతదానికి అది అరుగుదల కూడా కావచ్చు. రెండూ వేరు చేసి చెప్పాలి. కుషన్ మీద అరచేయి పెట్టి గట్టిగా నొక్కి వదిలేయండి. వెంటనే పైకి లేస్తే అది మెత్తటి ఫోమ్. గుంట అలాగే ఉండి నెమ్మదిగా నిండితే, లేదా నిండకపోతే, అలసిపోయిన ఫోమ్.

వీళ్ళ సోఫాలో ఎడమ వైపు సీటు ఆయనది. ఇంటి నుంచి పనిచేసినన్నాళ్ళు అక్కడే. చీపురు కర్ర అడ్డంగా పెట్టి చూస్తే మధ్య సీటు కంటే అది అంగుళంన్నర కిందికి ఉంది. ఇప్పుడు అసలు ప్రశ్న: కుంగింది కుషనా, దాని కింద ఉన్న స్ప్రింగులా? దీనికో చిన్న పరీక్ష ఉంది. ఎడమ కుషన్ తీసి కుడి వైపు పెట్టండి, కుడిది ఎడమకి. గుంట కుషన్‌తో పాటు కుడికి వెళ్తే లోపం ఫోమ్‌ది. గుంట ఎడమ వైపే ఉండిపోతే కింద స్ప్రింగులో పట్టీలో సాగాయి. మాకు గుంట కుడికి వచ్చింది. అంటే ఫోమ్ మాత్రమే. కవర్‌కి జిప్పు ఉంది కాబట్టి కొన్నవాళ్ళు ఆ ఒక్క ముక్క, 22 అంగుళాల చదరం, ఆరంగుళాల మందం, కొని మార్చుకోవచ్చు. స్ప్రింగులు పోయుంటే కింద ప్లైవుడ్ చెక్క వేసుకుని సరిపెట్టుకోవడమే, ఆ ముక్క కూడా దాచకుండా రాయాలి.

ఫోమ్ కొనేచోట రెండు అంకెలు చెప్తారు, వాటిని కలిపేసుకోవద్దు. ఒకటి ఎంత గట్టిగా తగులుతుందో చెప్పేది, రెండోది సాంద్రత, అంటే ఎన్నాళ్ళు నిలబడుతుందో చెప్పేది. మెత్తగా ఉండి ఏళ్ళ తరబడి నిలిచే ఫోమ్ ఉంటుంది, గట్టిగా ఉండి రెండేళ్ళకే నలిగిపోయేదీ ఉంటుంది. మీ దగ్గర ఆ అంకెలు లేకపోతే ఊహించి రాయొద్దు. నేల నుంచి సీటు ఎంత ఎత్తో రాయండి. ఇక్కడ మధ్యది 19 అంగుళాలు, ఎడమది పదిహేడున్నర. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఆరు నెలలకి వస్తున్న ఇంట్లో ఆ అంగుళంన్నరే బేరం తేలుస్తుంది. లేవలేక చేయి అందించమనే పరిస్థితి ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇక మరక. మధ్య కుషన్ మీద అరచేయంత, పులిహోర ప్లేటు బోర్లా పడ్డప్పటిది. అంచుల్లో పసుపు, మధ్యలో ఎరుపు. ఎరుపు ఎలా వచ్చిందో తెలుసా? బాబు పడేసిన వెంటనే ఆ అమ్మాయి బట్టల సబ్బు పొడితో రుద్దింది. పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తామే, అదే జరిగింది. ఆ పొడి క్షారం, పసుపుకి తగలగానే ఎర్రబడుతుంది. చూసేవాళ్ళకి రక్తం మరకేమో అన్న అనుమానం. రెండో ఆవిడ చప్పుడు లేకుండా వెళ్ళిపోవడానికి అదే కారణం అయ్యుంటుంది. "పసుపు మరక, సబ్బుకి ఎర్రబడింది" అని నాలుగు ముక్కలు రాస్తే ఆ అనుమానం రాదు.

మరక చెప్పేటప్పుడు నాలుగు సంగతులు కావాలి: దేని వల్ల, ఎంత, ఎక్కడ, ఏం ప్రయత్నించారు. ఫోటో ఫ్లాష్ లేకుండా కిటికీ వెలుతురులో తీసి, మరక పక్కన ఒక క్వార్టర్ నాణెం పెట్టండి. కుషన్ తిప్పి చూడండి. వీళ్ళది అటువైపు శుభ్రంగా ఉంది, రెండు వైపులా వాడుకోవచ్చు. అంటే మరక ఉంది, కానీ కనిపించకుండా కూర్చోవచ్చు. రెండూ రాయాలి. తిప్పి పెట్టేసి ఊరుకుంటే, కొన్నావిడ మొదటి శనివారం కవర్ ఉతకడానికి తీసినప్పుడు మీ ఫోన్ మోగుతుంది.

కుషన్ కిందో సోఫా అడుగునో ఒక చీటీ కుట్టి ఉంటుంది, దాని మీద శుభ్రం చేసే పద్ధతికి ఒక అక్షరం ఉంటుంది. డబ్ల్యూ అంటే నీళ్ళతో చేయొచ్చు, ఎస్ అంటే నీళ్ళు వద్దు, డ్రై క్లీనింగ్ ద్రావణమే, ఎక్స్ అంటే వాక్యూమ్ తప్ప ఏదీ వద్దు. రెండక్షరాలు కలిసి ఉంటే రెండూ చేయొచ్చు. వీళ్ళది డబ్ల్యూ. ఆ అక్షరం ప్రకటనలో పెడితే కొనేవాళ్ళు తమ ప్రయత్నం తాము చేసుకుంటారు. పసుపుకి ఎండ విరుగుడు, కొన్నాళ్ళు ఎండలో పెడితే వెలుస్తుంది. బట్ట రంగు కూడా దానితో పాటు వెలవచ్చు, అది వాళ్ళ ఇష్టానికి వదిలేయండి.

తల ఆనే చోట కొబ్బరినూనె నీడ, పోపు వాసన. ఈ రెండూ మన ముక్కుకీ కంటికీ అలవాటైపోయి కనిపించవు. "రోజూ వంట చేసే ఇల్లు, సిగరెట్లు లేవు, కుక్కా పిల్లీ లేవు" అని రాస్తే సరి. నల్లుల గురించి అడుగుతారు, తప్పు పట్టొద్దు. ముందే కుట్ల మడతల్లో టార్చి వేసి నల్లటి చుక్కలున్నాయేమో చూసి, చూశామని చెప్పండి.

చివరికి మెట్లు. వాళ్ళిల్లు రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మధ్యలో ఒక మలుపు. పొడుగు, లోతు, ఎత్తు అందరూ రాస్తారు: 84, 38, 35. కానీ తలుపులోంచి దూరేది ఆ మూడు అంకెలూ కాదు. సోఫాని పక్క నుంచి చూడండి. వీపు పై అంచు నుంచి చేయి ముందు అంచుకి చీపురు కర్ర ఆనించి, వెనక కింది మూల నుంచి ఆ కర్రకి నిటారుగా టేపు పట్టండి. సోఫాని వంచి దూర్చినప్పుడు తలుపుకి కావలసిన వెడల్పు అదే. కాళ్ళతో మాకు 34 వచ్చింది. బయటి తలుపు 36 అని పేరే గానీ, తెరిచినప్పుడు తలుపు మందం పోగా మిగిలేది 34 దగ్గర. గీసుకుంటూ వెళ్ళాలి. నాలుగంగుళాల కాళ్ళు మర తిప్పి ఊడదీస్తే 30కి దిగింది, హాయిగా బయటికొస్తుంది. కానీ కొన్నవాళ్ళు దాన్ని 30 అంగుళాల బెడ్‌రూమ్ తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళలేరు. అది వాళ్ళకి డబ్బివ్వకముందే తెలియాలి.

బండి విషయం కూడా అంతే. 84 అంటే ఏడడుగులు. మొదటాయన తెచ్చిన ఎస్‌యూవీలో అది పట్టేది కాదు. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలకి అసలు బండే ఉండదు. యూ-హాల్ పదడుగుల ట్రక్కులో ఇది నిలువునా పడుతుంది. సోఫా ధర మీద ఆ అద్దె, మైలేజీ, సాయం వచ్చే స్నేహితుడి భోజనం కలిపితే ఎంతవుతుందో లెక్క వేసుకునే కొంటారు. ఆ లెక్కలోంచి మనం ఏం తగ్గించగలమో చెప్తే బేరం త్వరగా తెగుతుంది.

కొత్త ప్రకటన ఇలా వెళ్ళింది:

"బూడిద రంగు బట్ట సోఫా, మూడు కుషన్లు. చేతుల మధ్య 66 అంగుళాలు, ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చోవచ్చు. ఎడమ సీటు ఫోమ్ అంగుళంన్నర కుంగింది, స్ప్రింగులు బాగున్నాయి, జిప్పు తీసి ఫోమ్ మార్చుకోవచ్చు. మధ్య కుషన్ ఒక వైపు అరచేయంత పసుపు మరక, సబ్బుకి ఎర్రబడింది, రెండో వైపు శుభ్రం. డబ్ల్యూ కోడ్. 84 పొడుగు, 38 లోతు, 35 ఎత్తు. కాళ్ళు తీస్తే 31 ఎత్తు, వంచితే 30 అంగుళాల ఖాళీలోంచి వస్తుంది. రెండో అంతస్తు, మెట్లకి ఒక మలుపు, ఫోటో పెట్టాను. మోయడానికి మావారు ఒక చేయి వేస్తారు, మీరు ఇంకో మనిషిని తెచ్చుకోండి. శనివారం పదింటి నుంచి రెండింటి దాకా. నూట ఇరవై."

ముప్ఫై డాలర్లు తగ్గించింది ఎడమ సీటు ఫోమ్ కోసం. ఆ ముక్కా ఎవరో అడిగితే చెప్పింది. శనివారం డెంటన్ నుంచి ఇద్దరు అబ్బాయిలు ట్రక్కుతో వచ్చారు. తమ తలుపు కొలిచి, ఫోటో తీసి పంపి మరీ వచ్చారు. ఇరవై నిమిషాల్లో సోఫా కిందికి దిగింది. నాలుగు కాళ్ళనీ ఒక జిప్‌లాక్ సంచిలో వేసి, సోఫా అడుగున టేపుతో అంటించి ఇచ్చింది.