అర్థమా, అర్ధమా? తెర మీద థకారపు చుక్క గతి

గుంటూరు, ఒంగోలు, తెనాలి, చీరాల. మా ప్రాంతపు ఈ నాలుగు పేర్లలో ఒక్క వత్తు కూడ లేదన్న సంగతి ఎప్పుడైనా గమనించారా? తెలుగు పుటను సిద్ధము చేసుకొన్నవారు ఖతి బాగున్నదో లేదో చూడడానికి సాధారణంగా తమ ఊరి పేరు వ్రాసి చూస్తారు. "గుంటూరు మిరప" అని వ్రాసి చూస్తే ఏ ఖతి అయినా, ఎంత చిన్న పరిమాణములోనైనా చక్కగానే కనబడుతుంది. వత్తు లేని మాటతో తెలుగు ఖతిని పరీక్షించడము కారము కలపకముందే పచ్చడి రుచి చెప్పడము వంటిది. పోనీ పర్చూరు, మార్టూరు, బాపట్ల, సత్తెనపల్లి అని వ్రాస్తే కొంత నయము. "పత్తి" అని వ్రాసినా త వత్తు సులభమైన ఆకారము కాబట్టి గట్టెక్కుతుంది. అసలు పరీక్ష ఇంకొక చోట ఉన్నది.

"అర్థము" అన్న మాటను, "అర్ధము" అన్న మాటను పక్కపక్కన వ్రాసి చూడండి. మొదటిది భావము, ధనము. రెండవది సగము. ఈ రెండింటికీ కంటికి కనబడే భేదము ర కింద ఉన్న వత్తు కడుపులోని ఒక్క చుక్క. థకారమునకు చుక్క ఉన్నది, ధకారమునకు లేదు. విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన, సమర్థుడు, స్వార్థము ఒక వరుస. అర్ధరాత్రి, వర్ధనము, స్పర్ధ, మూర్ధన్యము ఇంకొక వరుస. "అర్ధానుస్వారము" అంటే అరసున్న. అక్కడ చుక్క చేరితే అది ఏ వ్యాకరణములోనూ లేని పదార్థమవుతుంది. ఆస్తి పంపకాల కాగితములో "అర్ధభాగము" అన్న మాట ఎంత బరువైనదో చెప్పనక్కరలేదు.

నా వాదము ఒక్కటే. తెలుగు పుటకు అక్షరముల పరిమాణమును అక్షరమును చూసి కాక, దాని కింది వత్తును చూసి, అందులోనూ థ వత్తు కడుపులోని చుక్కను చూసి నిర్ణయించాలి.

దీనికి గళ్ల కాగితము మీద లెక్క వేసి చూద్దాము. తెర అంటే చుక్కల వరుసలే కదా. ఒక గీత కనబడాలంటే కనీసము ఒక వరుస కావాలి. రెండు గీతలు వేరువేరుగా కనబడాలంటే వాటి మధ్య ఇంకొక ఖాళీ వరుస కావాలి. థ వత్తులో పై గీత, ఖాళీ, చుక్క, ఖాళీ, కింది గీత – మొత్తము ఐదు వరుసలు. దాని అడుగున ఉండే చిన్న నిలువు గీతకు మరి రెండు. అంటే ఒక్క వత్తుకే ఏడు వరుసలు. వత్తు ఎప్పుడూ పై అక్షరము కంటె చిన్నదిగానే ఉంటుంది. మూడింట రెండు వంతులు అనుకొందాము. వత్తు కడుపునకు ఐదు వరుసలు రావాలంటే పైనున్న రకారమునకు ఇంచుమించు ఎనిమిది వరుసలు ఉండి తీరాలి. దాని పైన తలకట్టుకో గుడికో మూడు. అక్షరమునకూ వత్తుకూ మధ్య ఒక ఖాళీ వరుస. మూడు, ఎనిమిది, ఒకటి, ఏడు కలిపితే పందొమ్మిది. "విద్యార్థి" అన్న మాటలోని "ర్థి" నిజంగా "ర్థి"గా కనబడడానికి తెర మీద పందొమ్మిది వరుసల ఎత్తు కావాలన్న మాట. ఇంగ్లీషు చిన్నక్షరాలలో కష్టమైనదిగా కనబడే "ఇ" (e) అయిదు వరుసలలో ఇమిడిపోతుంది.

ఇప్పుడు పరిమాణము సంగతి. ఖతికి 16 పిక్సెళ్లు అని చెప్పినప్పుడు ఆ పదహారు అక్షరము ఎత్తు కాదు. ఆ ఖతి గీసిన చట్రము ఎత్తు. అందులో మూలాక్షరము సుమారు సగము ఆక్రమిస్తుందనుకొంటే, 16 దగ్గర దానికి ఎనిమిది వరుసలు దక్కుతాయి. మన లెక్కకు సరిగ్గా సరిపోయింది, మిగులు లేదు. అదే 12 దగ్గర మూలాక్షరమునకు ఆరు, వత్తు కడుపునకు నాలుగు. పై గీత, కింది గీత పోగా లోపల రెండే వరుసలు మిగులుతాయి. అక్కడ చుక్క పెడితే ఏదో ఒక గీతకు అంటుకొంటుంది, పెట్టకపోతే థ కాస్తా ధ అవుతుంది. మధ్యే మార్గంగా యంత్రము బూడిద రంగు పులిమి ఊరుకొంటుంది. పుస్తకములో ఈ బాధ లేదు. 96 చుక్కల తెర మీద 16 పిక్సెళ్లు అంటే ముద్రణలో 12 పాయింట్లు. అదే 12 పాయింట్ల ఎత్తుకు 1200 చుక్కల ముద్రణ యంత్రము 200 వరుసలు ఇస్తుంది. అచ్చులో చదవగలిగిన పరిమాణమును తెర మీద అంతే పెట్టుకోవడము అందువల్ల కుదరదు.

ఖతి ఖతికీ ఈ సగము అన్న నిష్పత్తి మారుతుంది కాబట్టి నా అంకెలను వేదవాక్యంగా తీసుకోనక్కరలేదు. మీ పుటనే కొలవండి. "అర్థము అర్ధము సామర్థ్యము రాష్ట్రము శ్రద్ధ" అని వ్రాసి, తెరను చిత్రంగా పట్టి, పెయింట్‌లో ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూడండి. చుక్క చుట్టూ నాలుగు వైపులా తెలుపు కనబడితే మీ పరిమాణము సరిపోయినట్లే. ఒక వైపైనా అంటుకొంటే ఒక్కొక్క పిక్సెల్ చొప్పున పెంచుకొంటూ పోవడమే.

"అక్షరాల అంచులు నునుపు చేసే ఏర్పాటు ఉన్నది కదా, క్లియర్‌టైప్ పెట్టుకొంటే సరి" అనేవారున్నారు. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది, అది మన లిపికి ప్రతికూలమైనది. తెర మీది ప్రతి చుక్కలోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలము మూడు పట్టీలు పక్కపక్కన నిలువుగా ఉంటాయి. క్లియర్‌టైప్ ఆ మూడింటిని విడివిడిగా వెలిగించి అడ్డముగా మూడు రెట్ల నైపుణ్యము సంపాదిస్తుంది. నిలువుగా మాత్రము ఒక్క వరుస కూడ పెరగదు. ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువగా నిలువు కర్రల మీద నిలబడినవి, వాటికి ఈ లాభము బాగా దక్కింది. మన అక్షరాలు ఒకదాని కింద ఒకటి పేర్చినవి. మనకు కొరత ఉన్నది సరిగ్గా ఆ ఎత్తులోనే. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఖతి వచ్చినప్పుడు పరిస్థితి ఇది. నిలువు దిశలో కూడ నునుపు చేయడము 2009లో విండోస్ 7తో వచ్చిన డైరెక్ట్‌రైట్‌లో ఉన్నది. అదైనా లేని వరుసను సృష్టించలేదు. ఉన్నదానిని మెత్తబరచగలదు, అంతే.

ఇక వరుసల మధ్య ఎడము. పందొమ్మిది వరుసల మాట కింద మరొక పందొమ్మిది వరుసల మాట వస్తే, పై వత్తు అడుగు గీతకూ కింది గుడి నెత్తికీ మధ్య నాలుగైదు వరుసలైనా ఖాళీ ఉండాలి. అంటే 16 పిక్సెళ్ల ఖతికి 24, అనగా ఒకటిన్నర రెట్లు, తప్పనిసరి. "రాష్ట్రము" వంటి మాటలలో రెండవ వత్తును మొదటిదాని కిందనే పేర్చే ఖతులకు అది కూడ చాలదు. సిద్ధంగా దొరికే పుటల మూసలన్నీ ఇంగ్లీషు కంటితో కొలిచినవి. పక్క పట్టీలో అక్షరములు నాలుగింట మూడు వంతులకు కుదిస్తారు, శీర్షికలకు వరుస ఎడమును బిగిస్తారు, అక్షరాలను ఎడంగా జరుపుతారు. శీర్షికలో వత్తుల పాదాలు తెగిపోయి కనబడితే కారణము దాదాపు ఎప్పుడూ `line-height` తక్కువ కావడము, దానికి తోడు `overflow: hidden` ఉండడము. నేను వాడుతున్నది ఇది:

```
body {
  font-family: "Noto Sans Telugu", "Nirmala UI",
               Gautami, sans-serif;
  font-size: 18px;
  line-height: 1.7;
  letter-spacing: normal;
}
```

ఇందులో 1.7 పక్కన `px` వ్రాయలేదు, అది కావాలనే. కొలమానము లేకుండా వ్రాస్తే శీర్షిక పెద్దదైనప్పుడు ఎడము కూడ దానితో పాటు పెరుగుతుంది. పిక్సెళ్లలో బిగిస్తే పెరగదు. గౌతమిని చివరికి నెట్టడానికి కారణము, విండోస్ 10 నుండి అది విడిగా చేర్చుకోవలసిన ఖతుల జాబితాలోకి పోయింది. 2012లో విండోస్ 8తో వచ్చిన నిర్మల ఇప్పుడు అక్కడ తెలుగుకు దిక్కు.

బొద్దు అక్షరముల విషయములో నా అభిప్రాయము కొంచెము కటువైనది. ఖతికి నిజమైన బొద్దు రూపము లేనప్పుడు విహారిణి తానే అక్షరమును కొంచెము పక్కకు జరిపి మళ్లీ గీసి బొద్దు చేస్తుంది. చిన్న పరిమాణములో దానితో థకారపు కడుపు పూడిపోతుంది. వాలు అక్షరములు మన అచ్చు సంప్రదాయములోనే లేవు. ఒక మాటను ఎత్తి చూపాలంటే రంగు మార్చండి, లేదా రెండు పిక్సెళ్లు పెంచండి.

"సందర్భమును బట్టి చదువుకొంటారు లెండి, ఇంత రాద్ధాంతము ఎందుకు" అని ఒక మిత్రుడు అన్నాడు. మాట వచ్చినవాడు చదువుకొంటాడు, నిజమే. మాటను అప్పుడే నేర్చుకొనేవాడికి సందర్భము సాయపడదు. వాడు చూసినదే వ్రాస్తాడు. "విద్యార్ధి" అన్న తప్పు తెరల కంటె పాతదే, గోడల మీదా బల్లల మీదా ఎప్పటినుండో ఉన్నది. అయితే పాఠ్యపుస్తకము తెరిచి "ఇదుగో చుక్క" అని వేలు పెట్టి చూపడానికి అప్పుడు చుక్క అచ్చులో ఉండేది. చాలా సంచార వాణుల తెరలలో ఇప్పుడు అంగుళానికి మూడు వందల చుక్కలకు పైగా ఉన్నాయి, అక్కడ సమస్య తీరింది. బడుల కంప్యూటరు గదులలో ఇంకా కనబడే పదిహేనున్నర అంగుళాల 1366×768 తెరలలో అంగుళానికి నూరే. పిల్లలు పాఠము చదివేది వాటి మీద.

కొందరు వత్తును తప్పించడానికి పొల్లు పెట్టి విడదీసి వ్రాయమంటున్నారు. "సాఫ్ట్‌వేర్" వంటి ఎరువు మాటలలో అది ఇప్పటికే అలవాటైంది, నాకు అభ్యంతరము లేదు. "అర్‌థము" అని వ్రాయడము మాత్రము ఒప్పుకోలేను. పైగా నడుమ కనబడని U+200C చేరుతుంది కాబట్టి కొన్నిచోట్ల వెదికినప్పుడు ఆ మాట దొరకదు.

విచిత్రమేమంటే, ఈ చిక్కుకు పరిష్కారము మన పాత అచ్చులోనే ఉన్నది. దాని పేరు వలపలగిలక. రకారపు పొల్లును తరువాతి హల్లుకు కుడిపక్కన గిలకగా వ్రాసేవారు. అప్పుడు థకారము వత్తుగా కుంచించుకొనక నిండు అక్షరంగా వరుసలోనే నిలుస్తుంది, చుక్కతో సహా. ఎత్తు ఖర్చు కాదు, కొంచెము వెడల్పు ఖర్చవుతుంది. యూనికోడులో ర, పొల్లు, ఆ పైన U+200D, తరువాత హల్లు వ్రాస్తే, ఖతిలో ఆ రూపము ఉంటే, గిలక కనబడుతుంది. కాని ఉన్న ఖతులు తక్కువ, గిలకను గుర్తుపట్టే పాఠకులు అంతకంటె తక్కువ. పాత కావ్యపు పాఠమును యథాతథంగా ఎక్కించేటప్పుడు తప్ప నేను దానిని వాడను. మిగతా చోట్ల 18, ఎడము 1.7. పక్క పట్టీలో కూడ 16కు తగ్గనివ్వను, పేర్లు రెండు వరుసలుగా విరిగినా సరే.