మార్కుకు రెండు నిమిషాలు

మా ఆపా బిడ్డ ఇంటర్ ఫస్టియర్. ప్రీఫైనల్‌లో మ్యాథ్స్ వన్ ఏ పర్చా రాసొచ్చి బ్యాగు కూడా దించకుండా ఏడుస్తూ కూర్చుంది. “అన్నీ వచ్చు మామూ, వక్త్ సరిపోలే” అంది. “వచ్చినోళ్లకు వక్త్ ఎందుకు సరిపోదు? చదవలేదని సాఫ్‌గా చెప్పు” అని ఆపా గుస్సా అయింది.

మన ఇళ్లల్లో ఈ మాట మామూలే. కానీ ఈసారి బిడ్డ మాటే సహీ. పక్కన కూర్చోబెట్టుకుని ఏ సవాల్‌కి ఎంతసేపు పట్టిందో హిసాబ్ తీశాను. రెండు మార్కుల సవాళ్లు పది. ఒక్కోదానికి పేజీ నిండా రాసి 70 నిమిషాలు తీసుకుంది. నాలుగు మార్కులవి ఐదింటికి 50 నిమిషాలు. ఏడు మార్కులవి ఐదు రాయాల్సి ఉండగా చేతిలో మిగిలింది గంట. అందులో మాత్రికల లెక్క ఒకటి ప్లస్ మైనస్ దగ్గర తప్పి 35 నిమిషాలు మింగేసింది. రెండోది పూర్తయింది, మూడోది సగంలో ఉండగా గంట కొట్టారు. ముట్టని రెండింటిలో ఒకటి గణితానుగమనం, అది తనకు నోటికి వచ్చు. అంటే 14 మార్కులు కాగితం మీదికే రాలేదు.

ఈ దర్ద్ నాకు తెలుసు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. మొదటి ఏడాది ఒక పర్చాలో మొదటి వ్యాసమే గంటకు పైగా రాసి, ఆఖరిది నాలుగు లైన్లతో ఆపేశాను. రాసినదాన్ని ఖూబ్‌సూరత్‌గా రాయడం ఒక్కటే మాకు నేర్పారు. వక్త్‌ని తక్సీమ్ చేయడం ఎవరూ నేర్పలేదు.

ఈ పర్చాకి తక్సీమ్ చాలా ఆసాన్. మొత్తం 75 మార్కులు, 180 నిమిషాలు. మార్కుకు రెండు నిమిషాలు వేసుకుంటే రెండు మార్కుల సవాల్‌కి 4 నిమిషాలు, నాలుగు మార్కులదానికి 8, ఏడు మార్కులదానికి 14. అంటే మొదటి సెక్షన్ 40 నిమిషాలు, రెండోది 40, మూడోది 70. మొత్తం 150. మిగిలిన అరగంటలో మొదటి పది నిమిషాలు పర్చా చదివి, ఏడింట్లో ఏ ఐదు రాయాలో గుర్తు పెట్టుకోడానికి. చివరి ఇరవై వదిలేసిన సగాలు పూర్తి చేయడానికి, మైనస్‌లు సరిచూడడానికి.

తొమ్మిదికి మొదలైతే మొదటి సెక్షన్ 9:50కి, రెండోది 10:30కి, మూడోది 11:40కి ముగియాలి. ఏ సెక్షన్ ముందు రాయాలన్నది బిడ్డ ఇష్టం. దేనికి ఎన్ని నిమిషాలన్నది మాత్రం మారొద్దు. ఏడు మార్కుల లెక్క 14 నిమిషాల్లో తేలకపోతే కింద జాగా వదిలి ముందుకు పోవాలి. అక్కడిదాకా వేసిన స్టెప్పులకు కొన్ని మార్కులు ఎలాగూ పడతాయి. ఇంకో పది నిమిషాలు కూర్చుంటే దొరికేది మిగిలిన ఒకటో రెండో మార్కులే. కొత్త సవాల్ మీద అదే పది నిమిషాలు పెడితే అంతకన్నా ఎక్కువ వస్తాయి.

ఇది వినగానే వచ్చేది కాదు, మష్క్ కావాలి. పాత పర్చాలను మనం ఏ సవాల్ మళ్లీ వస్తుందో అందాజా వేయడానికే వాడతాం. మా బిడ్డతో వేరేగా చేయించాను. ముందు మొదటి సెక్షన్ ఒక్కటే, గోడ గడియారం చూస్తూ 40 నిమిషాల్లో. అది కుదిరాక, అప్పటిదాకా తెరవని పాత పర్చా ఇచ్చి పూర్తి మూడు గంటలు. ప్రతి జవాబ్ చివర టైమ్ పెన్సిల్‌తో వేయమన్నాను. ఏ లెక్క వక్త్‌ని తింటుందో ఆ అంకెలే చెప్తాయి.

పన్నెండు కొట్టాక ఇంకో పని. మిగిలిపోయిన సవాళ్లను గడియారం చూడకుండా చేయమన్నాను. చేయగలిగితే కొరత వక్త్‌ది. చేయలేకపోతే చదువుది, దానికి ఈ తక్సీమ్ దవా కాదు, మళ్లీ కితాబ్ తెరవాల్సిందే. మొదటి పర్చాలో నాలుగు మిగిలితే మూడు చేసింది. త్రికోణమితిది ఒకటి రాలేదు. ఆపా అన్నదాంట్లో నిజం ఆ ఒక్కటే.

రెండో పర్చా మధ్యలో మెహమాన్ వచ్చారు. “బేటీ, చాయ్ పెట్టు” అని ఆపా పిలిచింది. తను లేచి పోయింది, 20 నిమిషాలు పోయాయి, ఆ రోజు మష్క్ బర్బాద్. కొడుకు చదువుకుంటుంటే ఇలా లేపుతామా? అమ్మీలకూ అబ్బాలకూ నా గుజారిష్ ఇదే. గైడ్లు, ట్యూషన్లు కొనిస్తున్నారు, బాగుంది. ఇమ్తిహాన్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాలు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా, ఆ బిడ్డను ఎవరూ పిలవకండి. చాయ్ మనమే పెట్టుకుందాం.