రిమార్కుల గడిలో ఏం రాస్తున్నాం?

మూడో తరగతిలో ఒక అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు మీద మూడు టర్ములూ ఒకే మాట రాశాను: “ఫరవాలేదు. ఇంకా శ్రద్ధ అవసరం.” నాలుగులోకి వెళ్ళాక వాళ్ళమ్మ వచ్చి, “టీచర్, పుస్తకంలో పాఠం పేరు కూడా చదవలేకున్నాడు. మీరు ఫరవాలేదన్నారు కదా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తప్పు తెలుగుదే అనుకుని, ఆమె మరుసటి ఏడు పిల్లవాణ్ణి ఇంగ్లీషు మీడియంలో చేర్చింది.

మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి వరకు ఫెయిల్ చేయరు. అది మంచిదే. కానీ అందరూ పాసయ్యేచోట, పిల్లవాడికి ఏం వచ్చో ఏం రాదో ఇంటికి చెప్పే చోటు ఆ చిన్న గడి ఒక్కటే. 2022లో మొదలైన ‘ఎణ్ణుం ఎళుత్తుం’లో పిల్లల్ని అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిలుగా చూస్తారు. పేర్లు ముచ్చటగానే ఉన్నాయి. ఏ గుంపుకు ఏం నేర్పాలో టీచరుకు తెలియడానికి అవి పనికొస్తాయి. తల్లికి మాత్రం ‘అరుంబు’ అన్నా ‘ఫరవాలేదు’ అన్నా ఒకటే.

వేలూరు, గుడియాత్తం పిల్లల విషయంలో ఇంకో చిక్కుంది. వాళ్ళు తెలుగూ తమిళమూ పక్కపక్కనే నేర్చుకుంటారు. తమిళంలో క, గ రెంటికీ ఒకే అక్షరం, ప, బ రెంటికీ ఒకే అక్షరం. అందుకే ‘గది’ని ‘కది’ అనీ, ‘బడి’ని ‘పడి’ అనీ రాస్తారు. తమిళంలో ఒత్తు ఉండదు, అక్షరం మీద చుక్క పెడతారు. ఆ అలవాటుతో ‘అమ్మ’ను ‘అమ్‌మ’ అని పొల్లు పెట్టి రాస్తారు. ఇది మందబుద్ధి కాదు, ఒక లిపి నియమాన్ని ఇంకో లిపికి వాడడం. “అక్షరదోషాలు ఎక్కువ” అని రాస్తే ఈ సంగతి మాయమవుతుంది. ఏది దిద్దాలో ఎవరికీ తెలియదు.

ఆ అబ్బాయికి ఇవాళ రాయాల్సి వస్తే ఇలా రాస్తాను:

“జూన్‌లో 20 అక్షరాలు గుర్తుపట్టేవాడు, ఇప్పుడు 44 గుర్తుపడుతున్నాడు. తల, వల, పలక వంటి మాటలు తానుగా చదువుతాడు. గుణింతాలు, ఒత్తులు ఉన్న మూడో తరగతి పాఠం ఇంకా చదవలేడు. గ, బ రాయాల్సినచోట క, ప రాస్తున్నాడు. వచ్చే టర్ములో గుణింతాల మీద పని చేస్తాం. రాత్రి ఐదు నిమిషాలు చదువుతుంటే దగ్గర కూర్చోండి, మీకు తెలుగు చదవడం రాకపోయినా సరే.”

“ఇంకా చదవలేడు” అన్న వాక్యం రాయడానికి చెయ్యి రాదు. కానీ అది లేకపోతే మిగతాదంతా తీపి మాటే. పోలిక మాత్రం పక్క పిల్లతో కాదు, జూన్‌లోని తనతోనే. ఇక “ఇంట్లో చదివించండి” అని నేను రాయను. పగలంతా మగ్గం దగ్గరో బీడీల చేట ముందో కూర్చున్న తల్లికి అది నింద లాగే వినిపిస్తుంది.

బాగా చదివే పిల్లలకు మనం చేసే అన్యాయం వేరు. “వెరీ గుడ్” అని రాసి వదిలేస్తాం. గుక్క తిప్పుకోకుండా కథ చదివే అమ్మాయిని “కాకి ఎందుకలా చేసింది?” అని అడిగితే పాఠంలోని వాక్యమే అప్పజెప్పవచ్చు. అప్పుడు “చక్కగా చదువుతుంది. కథను సొంత మాటల్లో చెప్పడం ఇంకా అలవాటు కావాలి. ఇంట్లో మీకు కథ చెప్పమనండి” అని రాయాలి. గొడవ చేయని, వెనకబడని నడిమి పిల్లల దగ్గరే నాకు ఎక్కువ కష్టం. వాళ్ళకు ఏం రాయాలో తోచలేదంటే, ఆ టర్ములో వాళ్ళను నేను చూడలేదన్నమాట.

దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఒక నోటుబుక్కు. ముప్పై మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక పేజీ. రోజుకు ఇద్దరిని చదివించి, తేదీ వేసి ఒక్క వాక్యం రాస్తాను. పదిహేను పనిదినాల్లో క్లాసు మొత్తం ఒక చుట్టు తిరుగుతుంది. కార్డులు రాసే నాటికి పేజీకి మూడు నాలుగు వాక్యాలుంటాయి. రాశాక పేరు మీద వేలు పెట్టి చదువుతాను. అది పక్క పిల్లకూ సరిపోతే కొట్టేసి మళ్ళీ రాస్తాను.

మన తల్లిదండ్రుల్లో తెలుగు మాట్లాడతారు గానీ తమిళంలో చదువుకున్నవారు చాలామంది. మనం ఎంత బాగా రాసినా వాళ్ళు చదవలేరు. సంతకానికి వచ్చిన రోజు రిమార్కును పైకి చదివి వినిపించండి. అమ్మానాన్నలూ, టీచరు చదవకపోతే మీరే అడగండి. ఆ వెంటనే పిల్లవాడి చేతికి పుస్తకం ఇచ్చి, వాడికి వచ్చిన ఆ నాలుగు మాటలూ అక్కడే చదివించండి.