రసీదు లేని వినతిపత్రం చిత్తుకాగితం

కలెక్టరేటు మెట్ల మీద నిలబడి, పదిమంది కలిసి ఒక కాగితాన్ని అధికారి చేతిలో పెట్టి, ఫోటో దిగి రావడం మనకు ఉద్యమం నేర్పిన అలవాటు. ఆ రోజుల్లో దానికో అర్థం ఉండేది. మరునాడు పత్రికలో ఫోటో పడితే కదలిక వచ్చేది. కానీ ఆ అలవాటు ఇప్పుడు మన ఇంటి పనులకూ పాకింది. ఇంటి పట్టా కోసం, పింఛను కోసం, బదిలీ అప్పీలు కోసం మనోళ్లు ఇప్పటికీ గట్లనే కాగితం ఇచ్చి వస్తున్నరు. ఆ కాగితం మీద పాత దరఖాస్తు నంబరు ఉండదు. ఇచ్చినట్టు చేతిలో రసీదు ఉండదు. ఆరు నెలల తర్వాత పోయి అడిగితే గుమస్తా నోటి నుంచి వచ్చే మొదటి మాట: "ఏ కాగితం?"

రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. ఆఫీసు కుర్చీలు మారినయి, బోర్డులు మారినయి. ఫైలు నడిచే దారి మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీ నాటిదే. మేము ఈ మాట కోపంతో అనడం లేదు. మన కాగితం ఎందుకు మాయమవుతుందో తెలియాలంటే ఆ దారి తెలియాలె.

ఆ పద్ధతి పేరు టాటెన్‌హామ్ పద్ధతి. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన ఒక ఐసీఎస్ అధికారి పేరు మీద వచ్చింది. తపాలు విభాగంలో కాగితానికి ఒక కరెంటు నంబరు వేస్తరు. అది సంబంధిత గుమస్తా పర్సనల్ రిజిస్టర్లోకి ఎక్కుతుంది. పని ముగిసినాక ఆ నంబరు ముందు ఒక అక్షరం చేరుతుంది. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా ఉంచేది. డి.డిస్ అంటే పదేండ్ల తర్వాత చింపేసేది. కె.డిస్ మూడేండ్లు ఉంటుంది. ఎల్.డిస్ ఒక్క ఏడాది. ఉద్యోగ మిత్రులకు ఇది పాత పాఠమే. కానీ వాళ్లు కూడా తమ సొంత దరఖాస్తు దగ్గరికొచ్చే సరికి దీన్ని మర్చిపోతున్నరు.

ఇప్పుడు అసలు కిటుకు. మీరు పాత నంబరు రాయకుండా ఒక జ్ఞాపిక ఇచ్చిండ్రనుకోండి. తపాలు విభాగం దానికి కొత్త నంబరు వేస్తుంది. గుమస్తా దాన్ని కొత్త కాగితంగా చూస్తడు. "పరిశీలనలో ఉన్నది" అని ఒక్క వాక్యం రాసి ఎల్.డిస్ కింద మూసేస్తడు. ఆయన రిజిస్టర్ ప్రకారం పని అయిపోయింది. మీ అసలు దరఖాస్తు మాత్రం వేరే కట్టలో అట్లనే పడి ఉంటుంది. ఏడాది గడిస్తే మీరు జ్ఞాపిక ఇచ్చిన సాక్ష్యం కూడా ఉండదు. పాత నంబరు రాసి ఇస్తే గుమస్తా దాన్ని పాత కట్టలోనే కలపాలె. అప్పుడు ఎన్నాళ్లుగా ఆగిందో ఆ కట్టే చెప్తుంది.

కంప్యూటర్లు వచ్చినంక ఇది పోయిందనుకునే వాళ్లకు ఒక మాట. ఈ-ఆఫీసులో కూడా కాగితం మొదట రసీదుగానే నమోదవుతుంది. దాన్ని ఒక ఫైలులో పెడితేనే అది ఫైలు. ఫైలులో పెట్టకుండానే రసీదును మూసేయవచ్చు. అందుకే ఆఫీసుకు పోయినప్పుడు రెండు ప్రశ్నలు అడగాలె: రసీదు నంబరు ఎంత, అది ఏ ఫైలులో ఉంది? రెండో దానికి జవాబు రాకపోతే మీ కాగితానికి ఇంకా ఇల్లు దొరకలేదని అర్థం.

నంబరు, తేదీ అనేవి ఎంత బలమైనవో మనకు వేరేవాళ్లు చెప్పనక్కరలేదు. 1985 డిసెంబరు 30న వచ్చిన జీవో 610 మన నోళ్లలో ఒక అంకెగానే బతికింది. 1986 మార్చి 31 లోగా అక్రమంగా వచ్చినోళ్లను వెనక్కి పంపుతామని అందులో గడువు రాసి ఉంది. గడువు దాటింది, ఏండ్లు దాటినయి. 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసే దాకా ప్రభుత్వం నీళ్లు నమిలింది. అయినా ఆ డిమాండు చావలేదు. చర్చ వచ్చిన ప్రతిసారీ మనం జీవో నంబరు, తేదీ, పేరా చూపించగలిగినం. "మాకు అన్యాయం జరిగింది" అని మాత్రమే అని ఉంటే ఎప్పుడో బుట్టదాఖలయ్యేది. ఊరంతటి కోసం చేసిన ఆ పని మన సొంత ఇంటి కాగితానికి ఎందుకు చేయం?

సికింద్రాబాద్‌లో ఉన్నోళ్లకు ఇంకో తలనొప్పి అదనం. ఇక్కడ ఒక వీధికి ఒక సర్కారు. కార్ఖానా, పికెట్ వంటి చోట్లు కంటోన్మెంటు బోర్డు కింద, అంటే కేంద్ర రక్షణ శాఖ నీడలో. మోండా మార్కెట్, మెట్టుగూడ నగర పాలక సంస్థ కింద. రైల్వే స్థలం అయితే దక్షిణ మధ్య రైల్వే. మిగతా సర్కారీ భూమికి తహసీల్దారు, ఆయన పైన ఆర్డీవో. తప్పు ఆఫీసుకు రాస్తే ఆ కాగితాన్ని సరైన చోటుకు పంపే తీరిక ఎవరికీ ఉండదు. సమాచార హక్కు దరఖాస్తుకు మాత్రం 2005 చట్టంలోని సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాల్సిన బాధ్యత ఉంది. మామూలు వినతిపత్రానికి ఆ రక్షణ లేదు. కాబట్టి కలం పట్టే ముందు నేల ఎవరిదో తేల్చుకోవాలె.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది మేము ఊహించి అల్లినదే, మనిషి, నంబర్లు నిజమైనవి కావు. సికింద్రాబాద్ మండలంలో ఒక బస్తీ. 84 గజాల సర్కారీ జాగాలో రేకుల ఇల్లు. ఇంటామె జీవో 58 కింద క్రమబద్ధీకరణకు పెట్టుకుంది. 125 గజాల లోపు ఉన్న పేదలకు రుసుము లేకుండా చేస్తామన్న జీవో అది, తేదీ 30-12-2014. (610 తేదీ కూడా డిసెంబరు 30వే. మన చేతికి ఆ తేదీ ఏం కలిసొచ్చిందో పాఠకులే చెప్పాలె.) 2022 మార్చిలో మీసేవలో దరఖాస్తు ఇచ్చింది. సర్వేయరు వచ్చి కొలిచి పోయిండు. ఆ తర్వాత ఎనిమిది సార్లు ఆఫీసుకు పోయింది. "సారు మీటింగ్ల ఉన్నరు, రేపు రామ్మా" అన్నది ఆమెకు దొరికిన జవాబు. ఆ ఎనిమిది సార్లూ రాతలో ఎక్కడా లేవు. అదీ అసలు నష్టం.

ఆమె కొడుకు డిగ్రీ విద్యార్థి. మొదట రాసిన చిత్తులో "తమరి దయాదాక్షిణ్యముల మీద ఆధారపడిన నిరుపేదరాలను" అని మొదలుపెట్టిండు. నిజాం కాలం అర్జీ భాష ఇంకా మన పిల్లల వేళ్లలో ఉంది! దయ అడిగితే దయ లేదని చెప్పవచ్చు. నిర్ణయం ఏ దశలో ఉందని అడిగితే ఏదో ఒక దశ చెప్పాల్సి వస్తుంది. కాగితం ఇట్లా ఉండాలె:

తహసీల్దారు గారికి,
సికింద్రాబాద్ మండలం, హైదరాబాద్ జిల్లా.

విషయం: జీవో ఎంఎస్ నం. 58 కింద నా దరఖాస్తు పెండింగు – మిమ్మల్ని కలిసేందుకు సమయం కోరుట గురించి.

సూచిక: 1. జీవో ఎంఎస్ నం. 58, రెవెన్యూ శాఖ, తేదీ 30-12-2014.
2. నా మీసేవ దరఖాస్తు నం. 1187, తేదీ 14-3-2022.
3. సర్వేయరు స్థల పరిశీలన, తేదీ 9-6-2022.
4. మీ కార్యాలయంలో ఇచ్చిన నా జ్ఞాపిక, ఇన్‌వార్డ్ నం. 342, తేదీ 6-2-2023.

ఆర్యా,
సూచిక 2లోని నా దరఖాస్తుపై సూచిక 3 ప్రకారం స్థల పరిశీలన పూర్తయింది. దరఖాస్తు ఆమోదించినట్టు గాని తిరస్కరించినట్టు గాని ఇంతవరకు నాకు ఏ ఉత్తర్వూ అందలేదు. ఫైలు ఇప్పుడు ఏ దశలో ఉంది, నా నుంచి ఇంకా ఏ పత్రం కావాలె అన్న రెండు విషయాలు తెలుసుకోవడానికి మిమ్మల్ని పది నిమిషాలు కలవవలసి ఉంది. వచ్చే రెండు వారాల్లో మీకు వీలైన రోజు, సమయం రాతపూర్వకంగా గాని కింది ఫోను నంబరుకు గాని తెలియజేయగలరు.
జతచేసినవి: సూచిక 2, 4 నకళ్లు.

ఇంతే. ఒక పుటకు మించొద్దు. అధికారి పేరు మీద కాదు, పదవి పేరు మీదనే రాయాలె. పేరు మీద రాస్తే ఆయన బదిలీ అయిన రోజున కాగితం అనాథ అవుతుంది. సూచికలను తేదీల వరుసలో పెట్టాలె. ఆ వరుస చదివితేనే ఎక్కడ ఆగిందో కనబడాలె. ఇందులో 3 తర్వాత ఆఫీసు నుంచి ఏ కాగితమూ లేదు. అంటే సర్వేయరు నివేదిక వచ్చి ఆగిందా, నివేదికే రాలేదా అన్నది తేల్చుకోవాల్సిన ముడి. కలిసినప్పుడు మొదట అడగాల్సింది అదే. ఇల్లు ఎట్ల కట్టుకున్నదో, పిల్లల కష్టమేందో చెప్పుకుంట కూర్చుంటే పది నిమిషాలు అక్కడనే అయిపోతయి.

రెండు ప్రతులు తీసుకుపోవాలె. ఒకటి తపాలులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోవాలె. "ముద్ర వేయం, పెట్టిపోండ్రి" అంటే అక్కడ కొట్లాడి లాభం లేదు, పోస్టాఫీసుకు నడవాలె. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసి ఈ ప్రతికి కుట్టి పెట్టుకోవాలె. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా అంతే, అక్కడ ఇచ్చే నంబరు కూడా తర్వాతి కాగితంలో ఐదో సూచిక అవుతుంది. అయితే ప్రజావాణి కాగితం కూడా చివరికి అదే తహసీల్దారు బల్ల మీదికే వస్తుందని మర్చిపోవద్దు. పైకి పోయినట్టు కనబడి కిందికే దిగుతుంది.

అధికారుల వైపు వాదన మాకు తెలుసు. ఒక్క తహసీల్దారుకు ఎన్నికల పని, సర్టిఫికెట్లు, కోర్టు కేసులు అన్నీ. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 దాకా జరిగిన ప్రజాపాలనలో కోటికి పైగా దరఖాస్తులు వచ్చి పడ్డయి. సిబ్బంది చాలదన్నది నిజమే. కానీ కలవడానికి ఫలానా రోజు రమ్మని ఒక ముక్క రాయడానికి కొత్త సిబ్బంది అక్కర్లేదు. రాతలో సమయం ఇస్తే రాతలో జవాబు ఇవ్వాల్సి వస్తుందన్న భయమే వాళ్లను ఆపుతున్నది.

రెండు వారాలు గడిచినా పలుకు లేకపోతే ఇంకో వినతిపత్రం రాయొద్దు. సమాచార హక్కు కింద అడగాలె. రుసుము పది రూపాయలకు మించదు. "నా దరఖాస్తు ఎందుకు ఆగింది" అని అడగొద్దు. ఎందుకు అన్నదానికి జవాబు చెప్పే బాధ్యత లేదని తిప్పి పంపుతరు. సూచిక 2లోని దరఖాస్తు ఈ రోజు వరకు ఏ ఏ అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో తెలిపే నోటు షీటు నకలు ఇవ్వాలని అడగాలె. సెక్షన్ 2(జె) ప్రకారం ఫైలు తెరిచి చూసే అవకాశం కూడా అదే కాగితంలో కోరాలె. సాబు కలవనంటే ఫైలునే కలుద్దాం. 30 రోజుల్లో జవాబు రావాలె. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలె. ఆ అప్పీలులో సూచికలు ఆరు అయితయి, ముద్ర వేసిన ప్రతి మొదటి జత అవుతుంది.