ఆవు పడుకుంటే వానేనా?

ఆవులమంద మొత్తం నేలమీద పడుకుంటే వాన తప్పదనీ, ఇది మన పూర్వీకులు కనిపెట్టిన శాస్త్రమనీ ఇటీవల ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించారు. ఆ మాట ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పల్లెజనం చెప్పుకునే నమ్మకం. మన శాస్త్రమే కావాలంటే వరాహమిహిరుని బృహత్సంహిత చూడవచ్చు. ఆరో శతాబ్దపు ఆ గ్రంథంలో వెంటనే కురిసే వానకు గుర్తులు చెప్పే అధ్యాయం ఒకటుంది. చీమలు ఏ ఉపద్రవమూ లేకుండానే గుడ్లు తరలించడం, పాములు చెట్లెక్కడం, ఆవులు గెంతడం అందులో కనిపిస్తాయి. గెంతడమండీ, పడుకోవడం కాదు! (అవి మాత్రం నిజమని నేననడం లేదు.)

ఇక ఆవు సంగతి. పాడి ఆవు రోజులో పది పన్నెండు గంటలు పడుకునే ఉంటుంది. మేత మేశాక తీరిగ్గా నెమరు వేసేది ఎక్కువగా అప్పుడే. పైగా మందలోని పశువులు దాదాపు ఒకేసారి మేస్తాయి, ఒకేసారి పడుకుంటాయి. కనుక దారినపోయేవాడు ఎప్పుడు చూసినా, మంద పడుకుని కనిపించే అవకాశం ఇంచుమించు సగం.

ఇప్పుడు లెక్క చూద్దాం. నూరు సాయంత్రాలలో ముప్పై వానవి అనుకుందాం. ఆకాశంతో ఏ సంబంధమూ లేకుండా మంద యాభై సాయంత్రాలు పడుకుందనుకుందాం. కాకతాళీయంగానే పదిహేనుసార్లు పడుకున్నాక వాన పడుతుంది. మనకు గుర్తుండేవి ఆ పదిహేనే. పడుకున్నా చినుకు రాలని ముప్పై అయిదు సాయంత్రాలనూ, నిలబడి ఉండగానే తడిసిన పదిహేనింటినీ ఎవరు లెక్కపెట్టారు? యాభైలో పదిహేనంటే ముప్పై శాతం. ఆవును చూడకుండా చెప్పినా అంతే కదా!

"పొడినేలను ముందే కాపాడుకుంటుంది" అంటారు కొందరు. తడినేల మీద పడుకోవడం ఆవుకు ఇష్టం లేని మాట నిజమే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవారు 2007లో ప్రచురించిన పరిశోధనలో, పొడి రంపపుపొట్టు మీద రోజుకు సుమారు 14 గంటలు పడుకున్న ఆవులు తడిపొట్టు మీద 9 గంటలే పడుకున్నాయి. అంటే వాన పడ్డాక లేచి నిలబడడానికి కారణముంది. అది చూసినవాడు అంతకుముందు పడుకోవడాన్ని జోస్యంగా పొరబడుతున్నాడు.

వాతావరణానికి సంబంధమే లేదా అంటే, ఉంది, వేడితో. ఎండ ముదిరి ఒళ్ళు కాగితే ఆవు లేచి నిలబడుతుంది. నిలబడితే ఒంటికి గాలి ఎక్కువ తగులుతుంది. చల్లబడితే పడుకుంటుంది. మబ్బు కమ్మి చల్లగాలి వీచినప్పుడు పడుకుంటే అది ఆ చల్లదనానికే, రాబోయే చినుక్కి కాదు. వానకు ముందు ఉక్కపోసే మన వేసవి సాయంత్రాల్లోనైతే అది నిలబడే అవకాశమే ఎక్కువ.

కాదనే మిత్రులు ఒక వర్షాకాలం పాటు రోజూ ఒకే వేళకు మందను చూసి, ఎన్ని పడుకున్నాయో, ఆ తరవాత మూడు గంటల్లో వాన పడిందో లేదో రాసిపెట్టండి. వాన పడని రోజులు కూడా రాయాలి సుమా!