పేట లెక్కలు – 9: పిన్ని చీటీలో 1,482 రూపాయలు

2023 ఏప్రిల్ 14 సాయంత్రం. తణుకులో మా పేటలో బాబాసాహెబ్ విగ్రహానికి దండలు వేశాం, ఉపన్యాసాలు అయ్యాయి, పులిహోర పొట్లాలు పంచుతున్నాం. పిన్ని నా చొక్కా పట్టుకుని పక్కకి లాగింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఉపన్యాసం బానే చెప్పావు గానీ, ఈ నెల నా జీతంలో పదిహేను వందలు తక్కువొచ్చాయి. అదెందుకో చెప్పు ముందు."

పిన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏజెన్సీ ద్వారా పనిచేస్తుంది. చీటీలో ఆ పని పేరు హౌస్ కీపింగ్. అంటే బాత్రూములు కడగడం, నెత్తురు తుడవడం. ఆ పనిలో పన్నెండు మంది ఆడవాళ్లున్నారు. పన్నెండు మందీ మన పేటల వాళ్లే. జీతాల లెక్కలు రాసే గదిలో మాత్రం మనవాళ్లు ఒక్కరూ లేరు. ఇది యాదృచ్ఛికమని ఎవరైనా చెబితే నవ్వేసి ముందుకు పోదాం.

సూపర్‌వైజర్‌ని అడిగితే, "పీఎఫ్ పెరిగింది, నీ డబ్బే కదా, ముసలితనానికి దాస్తున్నారు" అన్నాడట. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన దగ్గర తీసుకునేటప్పుడు ఎప్పుడూ మన మంచికే తీసుకుంటారు.

అదృష్టం ఏమిటంటే పిన్ని చీటీలు పారేయదు. రేషన్ కార్డు ప్లాస్టిక్ కవర్లో మడిచి పెడుతుంది. ఆ రాత్రి ఫిబ్రవరి చీటీ, మార్చి చీటీ పక్కపక్కన పరిచి, స్కేలు అడ్డం పెట్టి ఒక్కో వరుసా చదివాం. పిన్నికి ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. నేను వరుస పేరు చదివితే తను రెండు అంకెలూ చదివింది.

ముందు చూడాల్సింది డబ్బు కాదు, రోజులు. పీఎఫ్ ఆ నెల నిజంగా సంపాదించిన జీతం మీద లెక్కకడతారు. నాగా పడితే జీతం తగ్గుతుంది, దాంతో పాటు పీఎఫ్ కూడా తగ్గుతుంది. రోజులు తేడా ఉన్న రెండు చీటీలు పోలిస్తే మనమే తప్పులో పడతాం. పిన్నికి ఫిబ్రవరిలో 28కి 28, మార్చిలో 31కి 31. రెండూ పూర్తి నెలలే.

తర్వాత వచ్చే డబ్బు. బేసిక్ 9,600, అప్పుడూ ఇప్పుడూ అంతే. డీఏ 1,800, అంతే. ఇంటి అద్దె 1,600, అంతే. మొత్తం 13,000. ఒక్క రూపాయి పెరగలేదు. జీతం పెరగకుండా పీఎఫ్ ఎలా పెరిగిందన్న ప్రశ్న ఇక్కడే పుట్టింది.

తర్వాత కోతలు. ఈఎస్ఐ రెండు నెలల్లోనూ 98. పీఎఫ్ ఫిబ్రవరిలో 1,368. మార్చిలో 2,850. చేతికొచ్చింది ఫిబ్రవరిలో 11,534, మార్చిలో 10,052. తేడా 1,482. పీఎఫ్ వరుసలో తేడా కూడా సరిగ్గా 1,482. అంటే తప్పు ఈ ఒక్క వరుసలోనే ఉంది, ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

తప్పుందని తెలిసింది. అది ఎలాంటి తప్పో అంకెనే అడగాలి. పీఎఫ్ లెక్కకట్టేది బేసిక్, డీఏ కలిపిన దాని మీద, అంటే పిన్నికి 11,400 మీద. ఉద్యోగి వాటా అందులో 12 శాతం, అంటే 1,368. కొన్ని రకాల సంస్థల్లో ఇది 10 శాతం. ఫిబ్రవరి చీటీ సరిగ్గానే ఉంది. ఇప్పుడు మార్చి అంకెను 11,400తో భాగించండి. సరిగ్గా 25 శాతం వస్తుంది. చెయ్యి జారి టైపు కొట్టిన అంకె ఇంత గుండ్రంగా రాదు.

ఈ 25 ఎక్కడి నుంచి వచ్చింది? ఉద్యోగి వాటా 12. యజమాని వాటా ఇంకో 12. దాని మీద యజమానే కట్టాల్సిన బీమా అర శాతం, నిర్వహణ ఖర్చు అర శాతం. మొత్తం 25. ఏజెన్సీ తన జేబులోంచి కట్టాల్సిన 13 శాతాన్ని పిన్ని జీతంలోంచి కోసింది. 11,400లో 13 శాతం ఎంతో మీరే వేసి చూడండి. 1,482.

అందుకే విద్యార్థి మిత్రులకు చెబుతున్నాను. మీ అమ్మ చీటీ, మీ నాన్న చీటీ తీసుకుని పీఎఫ్ అంకెను బేసిక్ ప్లస్ డీఏతో భాగించండి. 12 వస్తే సరే. 13 వస్తే యజమాని ఖర్చు మీద పడేశారేమో చూడాలి. 24, 25 వస్తే యజమాని వాటా మొత్తం మీ ఇంట్లోంచే పోతోందని అనుమానించాలి. జీతం 15,000 దాటితే 1,800 దగ్గర ఆపే సంస్థలూ ఉన్నాయి, అప్పుడు శాతం 12 కంటే తక్కువ కనిపిస్తుంది. ఆ తేడా మాత్రం గమనించండి.

అయినా నేను వెంటనే ఆఫీసు మీదికి పోలేదు. ఎందుకంటే వాళ్లకింకో జవాబు ఉంది: "ఆమె ఇష్టపడి ఎక్కువ కట్టుకుంటోంది." నిజంగానే ఉద్యోగి కావాలనుకుంటే 12 శాతం కంటే ఎక్కువ కట్టుకోవచ్చు. ఆ జవాబు నిజమో కాదో చెప్పేది పీఎఫ్ పాస్‌బుక్. మార్చి జీతం తాలూకు సొమ్ము ఏజెన్సీ ఏప్రిల్ 15 లోపు కట్టాలి. నాలుగు రోజులు ఆగి, పిన్ని యూఏఎన్ నంబరుతో పాస్‌బుక్ తెరిచాం. అందులో నెల పేరు దగ్గర తికమక పడొద్దు. జీతం ఏ నెలదో చెప్పే గడి వేరు, కట్టాల్సిన నెల చెప్పే గడి వేరు. జీతం నెల మార్చి అన్న వరుస చూశాం.

పీఎఫ్ జీతం 11,400. ఉద్యోగి వాటా 1,368. యజమాని వాటా 418. పింఛను 950. పిన్ని నిజంగా ఎక్కువ కట్టుకుని ఉంటే ఉద్యోగి వాటా గడిలో 2,850 ఉండాలి. లేదు. యజమాని గడిలోని 418, 950 కలిపితే 1,368. చీటీ ప్రకారం అదీ పిన్ని సొమ్మే. కాకపోతే పేరు మాత్రం యజమానిది. మన చెమటతో వాళ్లు దాతలయ్యారు.

సోమవారం నాడు ఆఫీసుకి వెళ్లాం. ఎకౌంట్స్ కుర్రాడి వయసు పాతికుంటుంది. యాభై దాటిన పిన్నిని "ఏంటి నువ్వు మళ్లీ వచ్చావ్" అన్నాడు. నేను కాగితాలు బల్ల మీద పెట్టగానే నన్ను మాత్రం "మీరు కూర్చోండి సార్" అన్నాడు. కూర్చోలేదు. కుర్చీ ఒక్కటే ఉంది. పిన్నిని కూర్చోబెట్టాను.

మొదట, "సిస్టమ్ అలా తీసుకుందండి" అన్నాడు. సిస్టమ్ ఫిబ్రవరిలో 12, మార్చిలో 25 ఎందుకు తీసుకుందని అడిగితే, అసలు మాట బయటికొచ్చింది. "కొత్త కాంట్రాక్టు సీటీసీ పద్ధతండి. యజమాని వాటా కూడా సీటీసీలోదే. ఆవిడ సంతకం కూడా పెట్టింది."

మన పిల్లలు ఉద్యోగాల్లో చేరేటప్పుడు వినేదీ ఇదే మాట, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడదాం. సీటీసీ అంటే ఒక మనిషి మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చు. అందులో యజమాని వాటా రాసుకుంటే రాసుకోనీ. కానీ అది స్థూల జీతానికి బయట ఉండాలి. స్థూల జీతం 13,000 అని చీటీలో వేసి, దాంట్లోంచి యజమాని వాటా కోయడం వేరే పని. అప్పటికి అమల్లో ఉన్న 1952 నాటి పీఎఫ్ చట్టంలో 8ఏ సెక్షన్ మూడో ఉపవిభాగం సరిగ్గా పిన్ని లాంటి వాళ్ల కోసమే ఉండేది. కాంట్రాక్టరు యజమాని వాటాను గానీ, నిర్వహణ ఖర్చును గానీ కార్మికుడి జీతంలోంచి కోయకూడదు, మరో దారిలోనూ వసూలు చేయకూడదు. దీనికి విరుద్ధంగా ఎలాంటి ఒప్పందం ఉన్నా సరే. అంటే పిన్ని వేసిన సంతకం చెల్లదు. చదివి వినిపించకుండా పెట్టించుకున్న సంతకం గురించి చట్టం చేసినవాళ్లు ముందే ఆలోచించారు.

ఈ మాట చెప్పాక గొంతు మారింది. "సరేనండి, వచ్చే నెల పీఎఫ్ కోత వేయం. సరిపోతుంది కదా." వినడానికి న్యాయంగానే ఉంది. ఒప్పుకుంటే మళ్లీ మునిగేది పిన్నే. ఏప్రిల్ పీఎఫ్ ఏప్రిల్ జీతం మీద కట్టి తీరాలి. కోత వేయలేదంటే కట్టడమూ మానేశారేమో, అప్పుడు పాస్‌బుక్‌లో ఒక నెల ఖాళీ. పైగా 1,368కి, 1,482కి 114 రూపాయల తేడా గాల్లో కలుస్తుంది. ఎక్కువ కోసిన డబ్బు పీఎఫ్ ఆఫీసు దగ్గర అదనంగా లేదు. ఏజెన్సీ దగ్గరే మిగిలింది. అందుకని ఏజెన్సీయే నగదుగా, చీటీలో వేరే వరుసగా వెనక్కివ్వాలి.

సగం పేజీ ఉత్తరం ఇచ్చాం. అందులో ఉన్నదింతే: "ఫిబ్రవరి, మార్చి చీటీల్లో పని రోజులు పూర్తిగా ఉన్నాయి, బేసిక్, డీఏ మారలేదు. పీఎఫ్ 1,368 నుంచి 2,850 అయింది. పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటా 1,368 మాత్రమే జమైంది. అదనంగా కోసిన 1,482 రూపాయలు ఏప్రిల్ చీటీలో వేరే వరుసగా తిరిగి ఇవ్వాలి. పీఎఫ్ కోత ఎప్పటిలా 12 శాతమే ఉండాలి." రెండు చీటీల నకళ్లు, పాస్‌బుక్ పేజీ జతచేశాం. రెండో ప్రతి మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకున్నాం. నోటితో అడిగితే అది బతిమాలడం కిందే పోతుంది.

మే మొదటి వారంలో ఏప్రిల్ చీటీ వచ్చింది. తిరిగి చెల్లింపు 1,482. పీఎఫ్ 1,368. ఈఎస్ఐ 98. చేతికి 13,016. దాంతో పాటు సూపర్‌వైజర్ ఒక మాట కూడా ఇచ్చాడు: "నీకు సర్దాం, మిగతావాళ్లకి చెప్పకు."

అసలు కథ ఆ మాటలో ఉంది. పన్నెండు మందికీ జీతం ఒక్కటే. నెలకి 17,784 రూపాయలు. ఏడాదికి 2,13,408. ఒక్కదానికి 1,482 తిరిగిచ్చి మిగతా పదకొండు మంది సొమ్ము ఉంచుకోవడం తప్పు దిద్దుకోవడం కాదు, నోరు కొనుక్కోవడం.

పిన్ని నోరు అమ్ముకోలేదు. మర్నాడు ఆరు గంటల షిఫ్టులో అందరికీ చెప్పేసింది. తొమ్మిది మంది చీటీలు తెచ్చారు. ఇద్దరు పారేసుకున్నారు, వాళ్లకి పాస్‌బుక్, బ్యాంకులో పడ్డ జీతం పక్కపక్కన పెట్టి తేడా రాశాం. ఈసారి ఉత్తరం ఏజెన్సీకి ఒక్కదానికే కాదు, ఆసుపత్రి యాజమాన్యానికి కూడా. కాంట్రాక్టరు మనుషుల పీఎఫ్‌కి పని చేయించుకునేవాడిదీ బాధ్యతే. తేలకపోతే రాజమండ్రి పీఎఫ్ కార్యాలయానికి ఫిర్యాదు, వేతన చెల్లింపు చట్టం కింద పన్నెండు నెలల్లోపు దావా వేస్తామని కింద రాశాం. జూన్ మొదట్లో వచ్చిన మే చీటీల్లో పదకొండు మందికీ రెండేసి నెలల డబ్బు వచ్చింది.

ఏప్రిల్ నెలాఖరులో పని మానేసి హైదరాబాద్ వెళ్లిపోయిన ఒక చెల్లెమ్మ ఉంది. ఆమె జాగాలో కొత్త మనిషి వచ్చింది, డబ్బు ఆ కొత్త మనిషి దాకా వచ్చింది గానీ ఈమె దాకా రాలేదు. ఆమె మార్చి, ఏప్రిల్ బాకీ 2,964. ఆమె చీటీల కోసం నేనింకా తిరుగుతున్నాను.

మనకి అక్షరం ఇవ్వకుండా వేల ఏళ్లు ఆపారు. అక్షరం వచ్చాక అంకెను ఇంగ్లీషులో దాచారు. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం అచ్చేసిన మనిషి విగ్రహం కింద నిలబడి, నేను ఆ సాయంత్రం గంటసేపు మాట్లాడాను. పిన్ని అడిగిన లెక్క ఆ గంటలో లేదు. ఈసారి జయంతికి మైకు పక్కన ఒక బల్ల వేస్తున్నాం. రెండు నెలల చీటీలు పట్టుకుని రండి. స్కేలు మా దగ్గరుంది.

జై భీమ్.